నలభై ఒకటి దగ్గర ఆగిపోయిన ఫోను

నేను అన్నిటికన్నా ఎక్కువ భయపడేది ఒక్కదానికే. నేను పనిలో ఉన్న సమయంలో మా ఆయన ఫోను మంచం మీద పేలుతుందని, పక్కనే పాకుతున్న మా చంటివాడు కాలిపోతాడని.

ఈ భయానికి మా ఆయన ఒక బిరుదు ఇచ్చారు. నేను గుమ్మంలో చెప్పులు విడుస్తుంటే చాలు, "అదిగోరా, ఫైరింజన్ వచ్చింది" అని చంటివాడికి చెబుతారు. వాడికి తొమ్మిది నెలలు. తండ్రి ఏమన్నా నవ్వుతాడు.

మా ఆయన పార్సిళ్ల గోడౌనులో తెల్లవారుజాము షిఫ్టు చేస్తారు. మధ్యాహ్నం రెండింటికల్లా ఇల్లు చేరతారు. అప్పటిదాకా చంటివాడు నాతో ఫోన్ల షాపులో, కౌంటరు కింద అట్టపెట్టెలో ఉంటాడు. రెండు నుంచి ఏడు దాకా తండ్రి పెంపకం. పెంపకమంటే ఇదీ: ఆయన మంచం మీద పడుకుంటారు, తలకింద రెండు దిండ్లు, చేతుల్లో ఫోను, ఫోనుకి వైరు, వైరు గోడదాకా. ఆ వైరు కింద నుంచి మావాడు పాకుతుంటాడు. ఫోనులో తుపాకులు పేలుతుంటాయి. ఆ ఆటలో మా ఆయన నలుగురు సభ్యుల జట్టుకి కెప్టెన్. గోడౌనులో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాడు కూడా లేడు, "ఏయ్ ఆరో నంబరూ" అంటారట. ఆటలో మాత్రం ముగ్గురు మనుషులు "కెప్టెన్, ఎటు దూకమంటావు" అని అడిగి మరీ దూకుతారు. ఆ పిలుపు కోసమే ఆయన రోజుకి ఐదు గంటలు ఆడతారని నాకు తెలుసు. అందుకని ఆట మానమని నేను ఎన్నడూ అనలేదు. మంచం మీద వద్దన్నాను, వైరు పెట్టి వద్దన్నాను, అంతే.

నా చదువు పదకొండో తరగతి మధ్యలో ఆగిపోయింది. ఫిజిక్సులో కరెంటు పాఠం మొదలయ్యే వారమే పెళ్లి కుదిరింది. ఆ పాఠం నాకు ఆరేళ్ల తర్వాత షాపులో, స్క్రీన్ గార్డులు అంటిస్తూ, రిపేరు బాబాయ్ దగ్గర పూర్తయింది. బాబాయ్ అంటే నాకు చుట్టమేమీ కాదు, షాపు ఓనరు. కంటికి భూతద్దం తగిలించుకుని, రోజంతా ఫోన్ల పొట్టలు కోస్తుంటాడు.

ఒకరోజు ఒక కాలేజీ పిల్లాడు కొత్త గేమింగు ఫోను తెచ్చి కౌంటరు మీద కొట్టినంత పని చేశాడు. చార్జరు పెట్టి మూడు గంటలు ఆడినా అరవై మూడు నుంచి కదల్లేదట, చార్జరు దొంగదట. బాబాయ్ ఫోను తీసుకుని, వేడెంతో చూడటానికి బుగ్గకి ఆనించుకున్నాడు. తర్వాత ఆట తెరిచి, పక్కనుంచి ఒక పట్టీ లాగి, అందులో వెలుగుతున్న బొమ్మ చూపించాడు.

"నువ్వే బైపాస్ ఆన్ చేశావు నాయనా. ఫోను చెప్పిన మాట విన్నందుకు తిడుతున్నావా?"

వాడు వెళ్లాక బాబాయ్ నాకు ఇంటి మీద ట్యాంకు లెక్కన చెప్పాడు. మామూలు ఫోనుకి వైరు పెట్టి ఆడితే, ఒకపక్క ట్యాంకులోకి నీళ్లు ఎక్కుతుంటాయి, ఇంకోపక్క కుళాయిలు తిప్పేసి వాడుతుంటాం. నింపడానికి కొంత వేడి, ఆటకి ఇంకొంత వేడి, రెండూ కలిసి బ్యాటరీ నెత్తిన. బైపాస్ ఉన్న ఫోనులో మోటారు నుంచి నేరుగా కుళాయికి ఒక పైపు ఉంటుంది. ట్యాంకు ఎంతవరకు ఉందో అంతే ఉంటుంది, దాని జోలికి ఎవరూ పోరు. అందుకే పర్సెంటేజీ కదలదు, ఫోను అంత వేడెక్కదు, బ్యాటరీ నాలుగు రోజులు ఎక్కువ బతుకుతుంది. అయితే ఆ పైపు ఫోను చేసినప్పుడే లోపల వేసి ఉండాలి. ఆటల కోసం చేసిన ఫోన్లలో ఉంటుంది, ఖరీదైన కొన్నిటిలో ఉంటుంది, ఈమధ్య కొన్ని మధ్యరకం వాటిలోనూ పెడుతున్నారు. దానికి తగ్గ చార్జరు కూడా కావాలి. బలం చాలని చార్జరైతే మిగతాది బ్యాటరీయే పెట్టుకోవాలి. ఇంతా చేసి, వైరు తగిలించుకుని గంటలకొద్దీ ఆడేవాడికే దానితో లాభం. రోజుకి పది నిమిషాలు ఆడేవాడికి అది ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

ఇంటికి వెళ్లి ఇదంతా మా ఆయనకి చెబుదామనుకున్నాను. ఆయనే ముందు నాకు చెప్పారు. ఏదో వీడియో చూశారట. బైపాస్ చార్జింగ్ అనేది ఒకటి ఉంటుందనీ, నాలాంటి వాళ్లకి అర్థం కాదనీ, ఇకనుంచి నా భయాలు మూటగట్టి అటక మీద పెట్టుకోవచ్చనీ సెలవిచ్చారు. మన ఫోనులో అది లేదు కదండీ అన్నాను. దానికీ జవాబు సిద్ధంగా ఉంది. యాప్ వేశారు. తెరిస్తే పెద్ద ఆకుపచ్చ బొత్తాం, దాని కింద మెరుపు బొమ్మ, నొక్కితే "బైపాస్ విజయవంతం" అని వస్తుంది. ప్రతి రెండు నిమిషాలకీ సబ్బు ప్రకటన కూడా వస్తుంది.

"చూడు, నలభై ఒకటి. గంట నుంచి ఆడుతున్నా. పెరిగిందా? తగ్గిందా? దీన్నే బైపాస్ అంటారు."

ఫోను నా బుగ్గకి ఆనించుకున్నాను. అప్పుడే పొయ్యి మీదనుంచి దించిన గిన్నెలా ఉంది. పర్సెంటేజీ ఆగడం నిజమే. ఫోను కాలిపోతుంటే లోపలి కాపలా చార్జింగు తగ్గించేస్తుంది. వచ్చే ఆ కాస్తా ఆట తినేస్తుంది. అందుకని అంకె అక్కడే నిలబడుతుంది. నిద్రపోతున్నవాడూ కదలడు, స్పృహ తప్పినవాడూ కదలడు. మా ఆయన రెండోవాణ్ణి చూసి జోకొడుతున్నారు.

ఈ ఉపమానం ఆయనకి చెప్పాను కూడా. షాపులో గాజు అంటించుకునేదానికి గాలి మాటలు ఎక్కువయ్యాయన్నారు.

ఆ తర్వాత నెలకి ఫోను వెనక రేకు ఎడమవైపు కాస్త లేచింది. నా వేలి గోరు అందులో దూరింది. చూపించాను. గమ్ము ఊడిందన్నారు. రెండేళ్ల ఫోనుకి గమ్ము ఊడకపోతే ఇంకేం ఊడుతుందని నవ్వారు. ఆ రోజు నుంచి నేను షాపులో ఉండగా మధ్యాహ్నం రెండు దాటితే నా చేతులు ఒక పనిలో నిలవలేదు. గంటకోసారి ఫోను చేసేదాన్ని. ఆయన ఆటలో ఉంటే ఎత్తరు. ఎత్తకపోతే నేను గార్డు వంకరగా అంటించేదాన్ని. బాబాయ్ మళ్లీ ఊడదీసేవాడు. ఫోను ఎప్పుడూ చచ్చిపోకూడదని నాకోసం పెద్ద బ్యాటరీ ఫోను ఒకటి కొనుక్కున్నాను. ఏడు వేలది. చేతిలో ఇటుక పట్టుకున్నట్టు ఉంటుంది.

ఆదివారం వాళ్ల జట్టుకి పోటీ. గెలిస్తే పై రౌండు. షాపు సగం పూటే కాబట్టి నేను ఇంట్లోనే ఉన్నాను. చంటివాణ్ణి చాప మీద నా ఒళ్లో పెట్టుకుని, మంచానికి ఎంత దూరం కూర్చోగలనో అంత దూరం కూర్చున్నాను. సరిగ్గా నాలుగింటికి, ఆట మొదలయ్యే ముందు, కరెంటు పోయింది. కెప్టెన్ గారి ఫోనులో ఇరవై ఆరు.

"నీ ఫోను ఇటివ్వు. రెండు వైపులా సీ పిన్ను ఉన్న వైరు కూడా తే. రివర్స్ చార్జింగ్ అంటారు దాన్ని. నీ ఫోను నుంచి నా ఫోనుకి ఎక్కుతుంది. నీకు తెలియదులే."

రోజుకి పది వైర్లు అమ్మేదాన్ని నేను. తెలియకేం. పెద్ద బ్యాటరీ ఉన్న ఫోను పవర్‌బ్యాంకులా పనిచేస్తుంది. ఇయర్‌బడ్స్‌కో, వాచీకో, చచ్చిపోతున్న చిన్న ఫోనుకో కాస్త ప్రాణం పోస్తుంది. నా ఇటుకకి ఆ సౌకర్యం ఉందని పెట్టె మీద కూడా రాసి ఉంది. అయితే రెండు ఫోన్లనీ ఇలాంటి వైరుతో కలిపినప్పుడు, ఎవరు ఇవ్వాలి, ఎవరు పుచ్చుకోవాలి అన్నది ఆ రెండూ తమలో తాము తేల్చుకుంటాయి. పెద్దదే ఇస్తుందని రూలేం లేదు. ఒక్కోసారి తలకిందులవుతుంది. పైనుంచి నోటిఫికేషన్ లాగి, "కలిపిన పరికరానికి చార్జింగ్ ఇవ్వు" అన్నది నొక్కితే దారి మారుతుంది. ఒక్క నొక్కు.

పోనీ నా ఫోనులోనే ఆడండి అన్నాను. ఆ ఆట దించుకోవడానికి గంట పడుతుందట, నెట్టు నత్తలా ఉందట, పైగా తన వేళ్లకి అలవాటైన బొత్తాల అమరిక అందులో ఉండదట. పోనీ ఫోను వంటగది బండ మీద పెట్టి నిలబడి ఆడండి అన్నాను. కెప్టెన్లు నిలబడి ఆడరట.

వైరు తగిలించారు. నా ఫోను చాప అంచున పడేశారు. దాని మీద మెరుపు గుర్తు వెలిగింది. యాభై ఎనిమిది.

మెరుపు గుర్తు నా ఫోను మీద వెలిగింది. అంటే నాదే పుచ్చుకుంటోంది. ఆ వాచిన, అరిగిన, కాలిపోతున్న ఫోను ఆటనీ నడుపుతూ, నా ఇటుకనీ పోషిస్తోంది. ఆరేళ్ల కాపురంలో ఆయన వైపు నుంచి నా వైపుకి ఏదైనా రావడం అదే మొదలు.

నొక్కవచ్చు. నొక్కలేదు. వాచిన బ్యాటరీకి ఇంకా ఎక్కించడంకన్నా ఖాళీ చేయడమే నయమని బాబాయ్ చెప్పిన మాట గుర్తుపెట్టుకున్నానని చెప్పుకోవచ్చు, అది నిజం కూడా. అంతా అదే అని చెబితే మాత్రం అబద్ధం. నాకు కాస్త సంతోషంగా కూడా ఉంది.

పదిహేను దగ్గర హెచ్చరిక వచ్చింది. ఆయన బొటనవేలితో తోసేశారు. "ఎక్కుతోందిగా" అని తనలో తాను అనుకున్నారు. చివరికి మైదానంలో ఆయనా, జట్టులో తుఫాన్ అని పేరు పెట్టుకున్న ఇంకో ఆటగాడూ మిగిలారు. ఎదుటివైపు ఇద్దరు. స్పీకరులోంచి తుఫాన్ గొంతు మెత్తగా, బతిమాలుతున్నట్టు వినిపించింది.

"అన్నా, నేను ముందుకెళ్తున్నా. నువ్వు వెనకనుంచి కాయి. అన్నా? ఉన్నావా అన్నా?"

ఎనిమిది చూపిస్తూ చూపిస్తూ ఫోను ఒక్కసారిగా నల్లబడింది. పాత బ్యాటరీలు అంతే, చివరి అంకెలు ఉత్త మాటలు.

ఆయన కొంచెంసేపు నల్లటి అద్దంలో తన ముఖం చూసుకున్నారు. తర్వాత నా ఫోను తీసి చూశారు. అరవై మూడు. లెక్కలు ఆయనకి బాగానే వచ్చు.

"నీకు తెలుసా?"

"చూశానండి."

"చూసి?"

"మంచం మీద వద్దని చెప్పాను కదండీ."

ఆయన అరవలేదు. అరిస్తే బాగుండేది. తుఫాన్ నమ్మి ముందుకెళ్లాడని, ఒంటరిగా చచ్చాడని, అదే మాట రెండుసార్లు అన్నారు. ఆటలో చచ్చినవాడి మీద ఉన్న దిగులు మూడు అడుగుల దూరంలో ఉన్న పసివాడి మీద ఉంటే ఎంత బాగుండునని నేననలేదు. అనుకున్నాను.

మర్నాడు ఆయన్నీ ఫోన్నీ షాపుకి లాక్కెళ్లాను. బాబాయ్ మాటలతో పెట్టుకోలేదు. ఫోన్ని గాజు కౌంటరు మీద వెల్లకిలా పెట్టి, మూలని వేలితో ఒక తోపు తోశాడు. అది బొంగరంలా మూడు చుట్లు తిరిగింది.

"చదునుగా ఉన్న ఫోను తిరగదు బాబూ. లోపల దిండులా వాచింది కాబట్టి తిరుగుతోంది. దీన్ని పక్కన పెట్టుకుని పసివాణ్ణి పడుకోబెట్టావా?"

మా ఆయన ముఖం పాలిపోయింది. నా మనసు చల్లబడింది, దాచుకోను. ఆ మోడలుకి బ్యాటరీ రావడానికి పది రోజులు పడుతుందనీ, అప్పటిదాకా చార్జరు పెట్టొద్దనీ, నొక్కొద్దనీ, ఇంటికి అసలు తీసుకెళ్లొద్దనీ బాబాయ్ చెప్పాడు. దాన్ని అడుగున ఇసుక పోసిన రేకు డబ్బాలో పెట్టి, వెనక వరండాలో గోడ పక్కన ఉంచాడు. మా ఆయన అదేరోజు సాయంత్రం వాయిదాల మీద నిజంగా బైపాస్ ఉన్న ఫోను తీసుకున్నారు. బాబాయే చూసి ఇచ్చాడు. చార్జరూ దానిదే.

రెండు రోజులకే ఆయన ఆ ఫోను పట్టుకుని షాపు మెట్లెక్కారు. పాడైందట. చార్జరు పెట్టి గంట ఆడితే నలభై ఒకటి దాటడం లేదట. బాబాయ్ భూతద్దం పైకెత్తి నా వంక చూశాడు. నేను గార్డు అంటించడంలో మునిగిపోయాను. ఆ అంకె అదివరకు ఆయనకి విజయంగా కనబడింది. ఇప్పుడు నిజంగా విజయమైతే రిపేరుకి తెచ్చారు.

ఇక్కడితో కథ అయిపోయి ఉంటే నేను రాసేదాన్నే కాదు.

గురువారం చంటివాడికి టీకా. నేను ఆస్పత్రి వరసలో ఉన్నాను. బాబాయ్ భోజనానికి వెళ్లాడు. మా ఆయన షాపుకి వచ్చి, అందులోని పాత ఫోటోలు తీసుకోవాలని, ఆ పూటకి నా బదులు కౌంటరు దగ్గర కూర్చున్న అమ్మాయికి చెప్పి, రేకు డబ్బాలోంచి పాత ఫోను తీసుకెళ్లారు. ఆయన ఫోనే కదా అని ఆ అమ్మాయి ఇచ్చేసింది. నాకు ఆదివారం తెలిసింది, అదీ డబ్బా ఖాళీగా ఉందని బాబాయ్ చెబితే. ఇంటికి వెళ్లి అడిగాను. కెప్టెన్ గారు తన ధర్మం తాను నెరవేర్చానన్నారు. పోటీలో తన ఫోను ఆగిపోయి తుఫాన్ బలైపోయాడు కదా, వాడి ఫోను ఎలాగూ అద్దం పగిలింది కదా, అందుకని పాతది వాడికి ఇచ్చేశారట. ఉత్తినే. అంత పెద్ద మనసు.

ఎలా ఇచ్చారని అడిగాను. లేచిన రేకుని గమ్ముతో అంటించి, రాత్రంతా పుస్తకాల బరువు పెట్టి అణిచి, పైన పారదర్శకమైన కవరు తొడిగి ఇచ్చారట. ఇప్పుడు చూస్తే కొత్తదానిలా ఉందని మెచ్చుకున్నారు కూడా.

వాచిన బ్యాటరీని పుస్తకాలతో అణిచిన మనిషి ముఖం నేను అప్పుడు మొదటిసారి చూశాను. ఆయన ముఖమే అది.

"బాబాయ్ చెప్పింది విన్నారు కదండీ. కళ్లతో చూశారు కదా, గిర్రున తిరిగింది."

"వాడు మనలా మొద్దుగా వాడడు లేవే. యాప్ కూడా అందులోనే ఉంది, బైపాస్ పెట్టుకొని ఆడమని చెప్పాను."

అతని అడ్రసు ఇవ్వమన్నాను. లేదు. ఫోను నంబరు లేదు. అసలు పేరు తెలియదు. రెండేళ్లుగా రోజుకి ఐదు గంటలు ఒకరి వెనక ఒకరు నిలబడి ప్రాణాలు కాపాడుకున్న మనుషులు. బస్టాండు దగ్గర రెండు నిమిషాలు కలిశారట, తుఫాన్ హెల్మెట్ కూడా తీయలేదట. బండి మీద వెనక ఎవరో ఆడమనిషి, ఒళ్లో దుప్పట్లో చుట్టిన పాప. ఆ మాట చెప్పేటప్పుడు మా ఆయన గొంతు కొంచెం తగ్గింది. అంతవరకు తనకి తట్టలేదనుకుంటాను.

ఉండబట్టలేక నేను నా ఇటుకలో ఆ ఆట దించుకున్నాను. తుఫాన్‌ని వెతికి పట్టుకుని స్నేహం కోరుతూ సందేశం పంపాను. ఎదురుచూస్తూ ఆట మొదలుపెడితే నాలుగుసార్లు చచ్చాను, ఒకసారి ఎత్తునుంచి నాకు నేనే దూకి. సందేశానికి జవాబు లేదు. అతని పేరు పక్కన బూడిద రంగు చుక్క. శనివారం తర్వాత రాలేదని చూపిస్తోంది. అంతకుముందు ఒక్కరోజు కూడా మానని మనిషి. నెట్టు ప్యాకు అయిపోయి ఉంటుందని మా ఆయన అన్నారు. తర్వాత ఆయనే రాత్రి రెండుసార్లు లేచి ఆ చుక్క చూసుకున్నారు. ఇవాళ బుధవారం. గోడౌనుకి వెళ్లేముందు కూడా చూశారు. నన్ను ఫైరింజన్ అనడం మానేశారు. అన్నా బాగుండును.

పోలీసు స్టేషనులో అడిగితే ఫిర్యాదు ఎవరి మీదన్నారు. ఆట కంపెనీకి రాస్తే, మీ అభిప్రాయానికి ధన్యవాదాలని వచ్చింది. అందుకే ఇది చదివే మిమ్మల్ని అడుగుతున్నాను. మీ ఇంట్లోనో, మీ పక్క వాటాలోనో, ఆటలో తుఫాన్ అని పేరు పెట్టుకున్న ఒక మెత్తని గొంతు మనిషి ఉండొచ్చు. బండి ఉంటుంది, భార్యా, చంటిపాపా ఉంటారు. చేతిలో నీలం రంగు పాత ఫోను, పారదర్శకమైన కవరు, ఎడమ అంచున ఆరిన గమ్ము చార. చార్జరుకి తగిలించి ఉంటే గోడ దగ్గరి స్విచ్చు ఆపండి. ఫోన్ని నొక్కొద్దు, పొడవొద్దు, మంచానికీ బట్టలకీ దూరంగా ఆరుబయట బండ మీద పెట్టి, దగ్గర్లోని రిపేరు షాపుకి కబురు చేయండి. ఇవన్నీ తర్వాత సంగతి. ముందు లేచి వెళ్లి వాళ్ల తలుపు కొట్టండి. లోపల ముగ్గురూ క్షేమంగా ఉన్నారో లేదో ఒకసారి చూడండి.